వంపు అవతలి బండి

ఖాడీ పక్క రోడ్డులో ఒక్కటే లెక్క: డండా ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్లది.

ఆ లెక్క కనకవ్వకు పనిలో చేరిన మొదటి పూటే రఘుపతి నేర్పాడు. సూరత్‌లో పర్వత్ పాటియా వైపు నుంచి పల్సానా మిల్లులకు పోయే అడ్డదారి అది. ఒక పక్క ఖాడీ, అంటే ఊరి మురికినీళ్లూ మిల్లుల రంగునీళ్లూ కలిసి పారే వాగు. ఇంకో పక్క మూతబడ్డ పాత మిల్లు ప్రహరీ. ఎండాకాలం చివర్లో ప్రహరీ వెంబడి డ్రైనేజీ పైపుల కోసం లోతుగా కందకం తవ్వి, దానికి అడ్డంగా రేకులు పాతారు. దాంతో రోడ్డు సగమైపోయింది. మిగిలిన సగంలో ఒక లారీ పడుతుంది. ఎదురుగా ఇంకో లారీ వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోవాల్సిందే. మధ్యలో రోడ్డు వంపు తిరుగుతుంది కాబట్టి ఈ కొస నుంచి ఆ కొస కనిపించదు. తలెత్తి చూస్తే రేకులూ, వాటి వెనక మట్టి కుప్పలూ తప్ప మరేమీ కానరావు.

అందుకని రెండు కొసల్లో ఇద్దరిని నిలబెట్టారు. ఊరి వైపు రఘుపతి, మిల్లుల వైపు కనకవ్వ. రఘుపతి కొన్ని బండ్లను వదిలి, చివరి బండి డ్రైవరు చేతికి ఎర్ర రంగు పూసిన కర్ర ఇస్తాడు. దాన్నే అందరూ డండా అంటారు. ఆ డ్రైవరు ఇవతలికి వచ్చి డండా కనకవ్వకిస్తే, లోపల ఎవరూ లేరని అర్థం. అప్పుడామె తన వైపు బండ్లు వదిలి, చివరి బండికి అదే డండా ఇచ్చి పంపుతుంది. డండా చేతికి రాకుండా ఎవరినీ వదలకూడదు. మంత్రి వచ్చినా, మిల్లు శేఠు వచ్చినా ఆగాల్సిందే.

"పెండ్లి బండొచ్చినా, చావు బండొచ్చినా గంతే అక్కా. లోపలున్నోడు బయటికొచ్చినంకనే బయటోడు లోపలికి పోవాలె" అన్నాడు రఘుపతి.

రఘుపతి కనకవ్వ వాళ్ల గల్లీలోనే ఉంటాడు. అతనిదీ సిరిసిల్ల పక్క ఊరే. కనకవ్వ సూరత్‌కు వచ్చిన నాటి నుంచి మగ్గాల కార్ఖానాలో నూలు బాబిన్లు చుట్టింది. కార్ఖానా మూతబడి, భర్త బుచ్చిరాములుకు ఊపిరాడని దమ్ము ఎక్కువై ఇంటిపట్టున పడ్డాక, ఎర్ర జెండా పట్టి బండ్లను ఆపే ఈ పని చూపించింది అతనే. కూర్చుని చేసే పని నుంచి నిలబడి చేసే పనికి వచ్చింది, అంతే అనుకుంది ఆమె. కాని బాబిన్లు ఎదురు తిరిగి తిట్టవు. డ్రైవర్లు తిడతారు. హిందీలో, గుజరాతీలో, ఒరియాలో, ఒక్కోసారి తెలుగులోనూ తిడతారు. మొదట్లో చేతులు వణికేవి. తర్వాత తర్వాత ఆ వణుకు జెండా కర్ర పట్టుకుంటే బయటికి కనపడదని కనిపెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాన దంచి కొడుతోంది. ఖాడీ పొంగి రోడ్డంచును నాకుతోంది. ముందురోజు రాత్రే అంచు నుంచి ఒక పెళ్ల ఊడి నీళ్లలో పడిందని రఘుపతి పొద్దున చెప్పాడు. సూపర్‌వైజర్ వచ్చి చూసి, ఊడిన చోట రెండు ఇసుక బస్తాలు వేయించి వెళ్లిపోయాడు. పైవాళ్లకు చెప్పానన్నాడు. కనకవ్వ మాత్రం పొద్దటి నుంచి నేల వైపే చూస్తోంది. ప్రతి లారీ వెళ్తున్నప్పుడూ కాళ్ల కింద నేల సన్నగా అదిరేది. ఇంతకుముందూ అదిరిందా, లేక ఇవాళే అదురుతోందా అన్నది ఆమెకు తేలలేదు.

రఘుపతి ఫోన్ చేశాడు.

"అక్కా, ఇటుకెళ్లి ఇడిసిన. ముందుగాల బస్సు, ఎన్క లారీలు, ఆఖరుకు నీలం టెంపో. గ్రే బట్టల లోడు. డండా గానికిచ్చిన."

"మంచిది తమ్మీ" అని, ఫోన్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి రవికలో దోపుకుంది.

బస్సు వచ్చింది. లారీలు ఒకదాని వెనక ఒకటి బురద చిమ్ముకుంటూ వచ్చాయి. చివరి లారీ డ్రైవరును ఆమె చేత్తో ఆపి హిందీలో అడిగింది, వెనక టెంపో వస్తోందా అని.

"అద్దంలో నీళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు మౌసీ" అన్నాడతను. పోయాడు.

ఆమె చూపు వంపు మీదే ఉంది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంది. నీలం టెంపో రాలేదు.

ఆమె వెనక బండ్లు పేరుకుంటున్నాయి. అన్నిటికన్నా ముందు వినోద్ లారీ. వినోద్ సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, ఒక రంగుల మిల్లులో తయారైన చీరల బేళ్లు మార్కెట్టుకు మోస్తాడు. ఎప్పుడూ తొందరే. హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు.

"అవ్వా, లారీలు ఎల్లినయి గదా! ఇడువు!"

"డండా రాలే బిడ్డా."

"గా టెంపోవాలా మధ్యల పాత మిల్లు గేటులకెళ్లి పోయి ఉంటడు. పోయిన వారం ఒకడు గట్లనే పోయిండు, డండా పట్టుకొని. నువ్వే చెప్పినవ్ గద?"

అది నిజమే. వంపు దగ్గర పాత మిల్లుకు గేటు ఉంది, దాని ముందు మాత్రం కందకం మీద ఇనుప పలకలు వేసి దారి వదిలారు. కాపలావాణ్ని మంచి చేసుకుని కొందరు ఆ గేటులోంచి అవతలి రోడ్డుకు దాటుతారు. పోయిన వారం ఒకడు డండా సహా అలాగే మాయమైతే, రెండు కొసల్లోనూ జనం తిట్లకు లంకించుకున్నారు. చివరికి చూస్తే లోపల ఈగ కూడా లేదు. సూపర్‌వైజర్ ఆమెనే కోప్పడ్డాడు, బుర్ర వాడొద్దా అని.

ఇవాళ కూడా అంతేనేమో. కాకపోతే?

ఆమె రఘుపతికి ఫోన్ చేసింది. "తమ్మీ, టెంపో రాలే. నీ దిక్కు మర్రొచ్చిందా?"

"ఎట్లొస్తదక్కా? ఎన్కకు రాలే. నా కండ్ల ముందల్నే వంపు తిరిగిండు."

"నువ్వు జర లోపటికి పోయి చూసి రారాదు?"

"నేను కదిలిన్నంటే ఈడున్నోళ్లందరు జొస్తరు. మీదమీదకు వస్తున్నరక్కా. జెండా గుంజుకునేటట్టున్నరు" అన్నాడు. అతని గొంతులోనూ భయం ఉంది. వెనక అరుపులు వినిపిస్తున్నాయి.

ఆమె పరిస్థితీ అంతే. తను లోపలికి పోతే ఇక్కడ ఆపేవాళ్లు ఉండరు. రెండు వైపుల నుంచీ బండ్లు జొరబడి, ఆ ఇరుకులో ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలిస్తే, ముందుకూ వెనక్కీ కదలలేక, ఆ మెత్తబడ్డ అంచు మీద అంత బరువు... ఆ పైన ఆలోచించలేకపోయింది. నిలబడి ఉన్నవాళ్లను అడిగింది, ఎవరైనా నడిచి వెళ్లి చూసి రమ్మని. ఒకడు ఆకాశం చూపించాడు. ఇంకొకడు ఖాడీ చూపించాడు. మోటార్ సైకిళ్ల వాళ్లయితే వానకు టీ బండి రేకు కిందే నిలబడి కదల్లేదు.

అప్పుడు వినిపించింది సైరన్.

బండ్ల వరసను కుడి పక్క నుంచి తోసుకుంటూ అంబులెన్స్ వచ్చి ఆమె మోకాళ్ల ముందు ఆగింది. డ్రైవరు నరేశ్ తల బయటపెట్టి హిందీలో అరిచాడు. "హార్ట్ పేషెంట్. జెండా తీయండి!"

కనకవ్వ జెండా తీయలేదు. తీయకపోవడం తన ఇష్టం కాదు, చెయ్యి బిగుసుకుపోయింది.

"లోపల బండి ఉన్నదో లేదో తెలియదు భయ్యా. ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషమా? అంబులెన్స్‌కు దారివ్వాలని తెలియదా? ఎవరు నిన్ను ఇక్కడ నిలబెట్టింది?"

తెలుసు. అంబులెన్స్ వస్తే అందరూ ఆగాలి. వినోద్ లారీ ఆగింది, వెనక ఉన్న బండ్లన్నీ ఆగాయి. బయట ఉన్నవాళ్లందరి కన్నా ముందు అంబులెన్సే. కాని లోపల ఇప్పటికే ఉన్నవాడు ఎక్కడికి తప్పుకుంటాడు? సైరన్ విన్నంత మాత్రాన టెంపో గాల్లోకి లేవదు కదా. అదంతా తలలో గిర్రున తిరుగుతుండగా ఆమె జెండా కర్రను అడ్డంగా పట్టుకుంది.

అంబులెన్స్ వెనక తలుపు తెరుచుకుని ఒక ఆడమనిషి దూకింది. చీర కొంగు బురదలో పడింది. కనకవ్వ ముఖం చూడగానే ఆమెకు ఏం తోచిందో, తెలుగులోనే ఏడ్చింది.

"అవ్వా, నీ కాల్మొక్త, ఇడువవ్వా! మా ఆయన మిల్లుల కూలబడ్డడు. ఊపిరి అందుతలేదు. నీ బిడ్డననుకో!"

ఆమె పేరు లత. లోపల స్ట్రెచర్ మీద ఉన్నది ఆమె భర్త సదానందం, రంగుల మిల్లులో పని. ముక్కు మీద ఆక్సిజన్ మూత, దాని కింద బూడిద రంగు తిరిగిన పెదవులు. పక్కన కాంపౌండర్ ఒకడు అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కనకవ్వ ఒక్కసారే చూసింది. దమ్ము ఎక్కువైన రాత్రుల్లో బుచ్చిరాములు పెదవులు అలాగే ఉంటాయి.

ఇప్పుడు జనమంతా ఆమె మీదికి వచ్చారు. ఎవరో భుజం పట్టి లాగారు. "మనిషి సస్తుంటే కర్ర కావాల్నా?" అని ఎవరో, "తప్పుకో ముసలీ" అని ఇంకెవరో. వదిలితే? లోపల ఏమీ లేకపోతే ఇతను బతుకుతాడు. లోపల టెంపో ఉండి, వంపు తిరిగే దాకా నరేశ్‌కు కనపడకపోతే, ఈ వేగానికి ఈ బురదలో బ్రేకు పడుతుందా? పడకపోతే లత కూడా, ఈ కాంపౌండర్ కూడా, టెంపోలో ఉన్నవాడు కూడా. ఆపితే ఇతను తన కళ్ల ముందే పోవచ్చు. రెండు చావుల మధ్య ఎంచుకోమన్నట్టుంది. ఒంటికి రాబోతే ఆపుకుంది.

వినోద్ లారీ దిగి ఆమె దగ్గరికి వచ్చాడు. అతనూ తిడతాడనే అనుకుంది. ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"బిడ్డా, నువ్వు నాకొక్క పని చెయ్యి. అంబులెన్స్ లోపటికి పోంగనే నీ లారీని అడ్డం వెట్టు. నీ ఎన్క ఒక్క బండి, ఒక్క సైకిల్ సుత రావొద్దు. అంబులెన్స్ మర్ర ఎన్కకు రావాల్సొస్తే నువ్వే ఎన్కకు తియ్యాలె."

"మరి నువ్వో?"

"నేను దాని ముందల నడుస్త."

వినోద్ ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత లారీ ఎక్కాడు.

ఆమె నరేశ్‌తో చెప్పింది, తన వెనకే రమ్మని, తనను దాటొద్దని, తన జెండా పైకి లేస్తే ఎక్కడున్నా అక్కడే ఆగమని. అతను పళ్లు కొరికాడు. అయినా సరేనన్నాడు. రఘుపతికి ఫోన్ చేసి, ఊరి వైపు ఏ బండినీ లోపలికి రానివ్వొద్దని, ప్రాణం పోయినా వదలొద్దని చెప్పింది. ఆ మాట చెప్పాక, ఎవరి ప్రాణం అన్నానో అనుకుంది.

నడక మొదలైంది. ఎడమ పక్క రేకులు, కుడి పక్క ఖాడీ. వెనక నుంచి లైట్లు ఆమె నీడను ముందుకు పొడుగ్గా పరుస్తున్నాయి. సైరన్ ఆపేయమని చేత్తో సైగ చేసింది, ముందు ఏదైనా చప్పుడు ఉంటే వినపడాలని. సైరన్ ఆగింది. అప్పుడు వాన చప్పుడు, ఖాడీ చప్పుడు, అంబులెన్స్ ఇంజన్ గురగుర మిగిలాయి. వెనక నుంచి లత ఏడుపు సన్నగా వస్తూనే ఉంది. ఆమె నడవలేదు, దాదాపు పరుగెత్తింది. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. తీసుకోలేదు.

ప్రతి అడుగూ భయమే. ఎదురుగా టెంపో మీదికి వచ్చేస్తుందేమోనని ఒక భయం. అసలు ఏమీ లేకపోతే, ఇంతసేపు ఉత్తపుణ్యానికి ఒక మనిషిని ఆపానే అన్న భయం దానికన్నా పెద్దది.

వంపు తిరిగింది. వెంటనే ఎర్ర జెండా పైకెత్తింది.

నీలం టెంపో అక్కడే ఉంది. ఇసుక బస్తాల పక్కన రోడ్డంచు మరింత కుంగి, ఎడమ చక్రాలు రెండూ బురదలోకి దిగిపోయాయి. బండి మొత్తం ఖాడీ వైపు ఒరిగింది. పైన టార్పాలిన్ కింద గ్రే బట్టల, అంటే ఇంకా రంగు వేయని బట్టల తానులు ఆ వైపుకు జరిగి బండిని ఇంకా కిందికి లాగుతున్నాయి. లైట్లు ఆరిపోయాయి. వాన మసకలో నీలం బండి కనపడాలంటే దగ్గరికి రావాల్సిందే. వెనక నరేశ్ బ్రేకు వేశాడు. అంత నెమ్మదిగా వస్తున్నా అంబులెన్స్ బురదలో కొద్దిగా జారి, ఆమె వీపుకు గాలి తగిలేంత దగ్గరికి వచ్చి ఆగింది.

నరేశ్ దిగి చూశాడు. అతని ముఖం తెల్లబడింది.

టెంపో కుడి కిటికీలో ఒక మనిషి తల. డ్రైవరు ముత్యం, నలభై ఏళ్ల మనిషి, స్టీరింగును రెండు చేతులా కరుచుకుని కూర్చున్నాడు. డండా అతని ఒళ్లోనే ఉంది.

"దగ్గరికి రాకుండ్రి!" అని అరిచాడు. "కదిలితే పోతది. నేనిటు దిక్కు కూసున్నందుకే ఆగింది. దిగుదామని కాలు తీసిన, కుయ్యిమన్నది. హారన్ వోతలేదు. ఎంత మొత్తుకున్నా ఎవ్వలకినపడలే."

పాత మిల్లు గేటు టెంపోకు అవతలే ఉండిపోయింది. రేకులకూ టెంపోకూ మధ్య మాత్రం ఒక మనిషి పట్టేంత సందు ఉంది. కాంపౌండర్ దిగి వచ్చి ఆ సందు చూసి, స్ట్రెచర్ ఇందులోంచి పడుతుందన్నాడు. అవతలి వైపు బండి దొరికితే పేషెంటును మోసుకుపోదామన్నాడు. కనకవ్వ వెంటనే రఘుపతికి ఫోన్ చేసింది. టెంపో సంగతి చెప్పింది. ఒక వ్యానుకు వెనక సీట్లు తీయించి, రివర్సులోనే నడిపిస్తూ వంపు దాకా తెప్పించమంది. "ఒక్క వ్యానే. దాని ముందల నువ్వే నడువు. ఇంకెవ్వల్ని రానియ్యకు, ఎవలనన్నా నిలవెట్టి రా."

"ఒక లారీని అడ్డం పెట్టిస్తనక్కా" అన్నాడు రఘుపతి. ఆమె చెప్పకముందే అతనికీ అదే తోచింది.

వినోద్, అతనితో మరికొంతమంది డ్రైవర్లు నడుచుకుంటూ వచ్చారు. లారీ అడ్డంగా పెట్టి తాళం జేబులో వేసుకు వచ్చాడట. ఇంతసేపూ ఆమె మీద అరిచినవాళ్లే. స్ట్రెచర్ దించడానికి నలుగురు ముందుకొచ్చారు.

"ఆగుండ్రి" అంది కనకవ్వ.

అందరూ ఆమె వైపు చూశారు. లత అయితే నమ్మలేనట్టు చూసింది.

"ఇంకేందవ్వా? ఇంకెందుకు ఆపుతున్నవ్?"

"మీరు స్ట్రెచర్ పట్టుకొని గీ సందులకెళ్లి పోతుంటే, ఒక్కలి భుజం టెంపోకు తాకిన్నా వాడు పోతడు. ముందుగాల వాణ్ని దింపాలె. అప్పటిదాంక మీరు ఆగాలె."

"నా మొగడు పోతడు! వాని కోసం నా మొగడు ఎందుకాగాలె?" లత ఆమె రెండు చేతులూ పట్టుకుని గుంజింది. గోళ్లు దిగాయి. కనకవ్వ చేతులు విడిపించుకోలేదు. "వాడు లోపలున్నడు బిడ్డా. మనం బయటున్నం" అంది. అది జవాబేనా అన్నది ఆమెకే తెలియదు.

కాంపౌండర్ సదానందం నాడి చూసి, "చెయ్యండి, కాని త్వరగా" అన్నాడు.

ముత్యాన్ని లాగడానికని వినోద్ టార్పాలిన్ తాడు విప్పబోతే కనకవ్వ వద్దంది, అందులో చెయ్యి పెడితే బండి కదులుతుంది. అంబులెన్స్‌లో పేషెంటును బిగించే పట్టీలు ఉన్నాయి. నరేశ్ రెండు పట్టీలు ముడివేసి తెచ్చాడు. వినోద్ రేకులకు వీపు ఆనించి సందులోకి పక్కగా నడిచాడు. రేకుల వెనక కందకం. రేకు వంగితే అతనూ అందులోకే. అందుకని ఇద్దరు అతని నడుముకు గమ్చా తువ్వాలు చుట్టి పట్టుకున్నారు. అతను పట్టీని కిటికీలోంచి ముత్యానికి అందించాడు. "చంకల కింద కట్టుకో. కిటికీలకెళ్లి రా. తలుపు తియ్యకు."

ముత్యం కదల్లేదు. "బట్టలు..." అన్నాడు. "శేఠు నన్ను సంపుతడు."

"శేఠు రేపు సంపుతడు. గిది ఇప్పుడే సంపుతది. రారా!" అని అరిచింది కనకవ్వ. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు.

అతను పట్టీ కట్టుకున్నాడు. స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీశాడు. బండి ఎక్కడో లోపల కుయ్యిమంది. కళ్లు మూసుకున్నాడు. రెండో చెయ్యి తీశాడు. తల, భుజాలు కిటికీ దాటాయి. నడుము దగ్గర ఇరుక్కున్నాడు. టెంపో మెల్లగా, నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు ఒరగడం మొదలైంది.

"గుంజుండ్రి!"

అందరూ ఒక్కసారే లాగారు. ముత్యం, వినోద్ కలిసి బురదలో వెల్లకిలా పడ్డారు. టెంపో ఆగలేదు. ఖాడీలోకి ఒరిగి, మునిగి, ఒక్క చక్రం పైకి తేలి తిరిగింది. అంచు నుంచి ఇంత మన్ను దానితోపాటే జారిపోయింది. కనకవ్వ నిలబడ్డ చోటు నుంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో రోడ్డు తెగిపోయి నల్లనీళ్లు కనిపించాయి. తానులు ఒక్కొక్కటే విప్పుకుని తెల్లగా నీళ్ల మీద సాగిపోయాయి.

ఎవరూ వాటిని చూస్తూ నిలబడలేదు. రేకుల పక్కన ఇంకా మనిషి నడిచేంత నేల మిగిలి ఉంది. అదెంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. స్ట్రెచర్ ముందు వినోద్, వెనక నరేశ్. పక్కన నడిచే చోటు లేక కాంపౌండర్ ఆక్సిజన్ సిలిండరును సదానందం కాళ్ల మధ్య పెట్టి వెనకాల నడిచాడు. లత కాంపౌండర్ చొక్కా అంచు పట్టుకుంది. ఒకరి వెనక ఒకరు దాటారు. అవతల రఘుపతి వ్యాను వెనక తలుపు ఎత్తి నిలబడి ఉన్నాడు.

వ్యాను కనుమరుగయ్యే దాకా కనకవ్వ చూసింది. తర్వాత కూర్చుండిపోయింది. ముత్యం ఆమె పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. స్ట్రెచర్ మీద పోయిన ఆ మనిషి బతుకుతాడా? మొదట ఆపినప్పుడు పోయిన సమయమా, రెండోసారి ఆపినప్పుడు పోయిన సమయమా, ఏది అతణ్ని మింగుతుంది?

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ వచ్చి రోడ్డును రెండు వైపులా పూర్తిగా మూయించాడు. ముందే ఎందుకు మూయలేదని ఆమె అడగలేదు, అతనూ ఆమె ముఖం చూడలేదు.

ఇంటికి పోయాక బుచ్చిరాములు అన్నం పెట్టుకుని తినమన్నాడు. ఆమె ముద్ద కలిపింది, నోటి దాకా తేలేదు. ఫోన్ మోగితే బుచ్చిరాములునే ఎత్తమనేది. రఘుపతి ఆస్పత్రికి ఫోన్ చేద్దామంటే వద్దంది. వినాలనీ ఉంది, వినకూడదనీ ఉంది. ఆ రాత్రి, మర్నాడు కూడా, గిన్నె కింద పడ్డా ఉలిక్కిపడింది.

ఆ తర్వాత రోజు లతే వాళ్ల గల్లీ వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలో ఆమెను చూడగానే కనకవ్వ గోడ పట్టుకుంది.

"ఉన్నడవ్వా" అంది లత వెంటనే. "గుండెల స్టెంటు ఏసిండ్రు. మాట్లాడుతుండు. ఇంకో ఆరేడు దినాలు ఉంచుకుంటమన్నరు."

కనకవ్వ అక్కడే కూలబడింది. లత కూడా ఆమె ఎదురుగా కూర్చుంది. బుచ్చిరాములు లోపల నుంచి దగ్గుతూ, ఎవరొచ్చారని అడిగాడు.

"జర ఆలస్యమైతే కష్టమైతుండె అన్నడు డాక్టరు" అంది లత నేల చూస్తూ. "గా మాట నీకు చెప్పాల్నా వద్దా అని తొవ్వ పొంటి అనుకున్న. నీకు మొక్కుదామనే వచ్చిన. మల్ల కోపం సుత ఉన్నది. రెండూ ఉన్నయి. ఏం జెయ్యాలె?"

"ఉండనీ బిడ్డా" అంది కనకవ్వ. "నాకు సుత గట్లనే ఉన్నది."

లత ఆమె చేతులు చూసింది. మణికట్ల మీద తన గోళ్ల గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేసి తీసేసింది.

"అంబులెన్స్ ముందల నడిసినవు గద, నువ్వు గప్పుడు ఏమనుకున్నవ్?"

"ఏమనుకోలే. చానా భయమైంది. గంతే."

లత లేచింది. ఆస్పత్రిలో భర్తకు జావ పట్టుకుపోవాలంది. కనకవ్వ ఆగమని, పొయ్యి మీదున్న జావలోంచే కొంచెం గిన్నెలో పోసి, మూత మీద గుడ్డ కట్టి ఇచ్చింది. గల్లీ చివర ఆటోలూ సైకిళ్లూ కిక్కిరిసి ఉన్నాయి. లత వాటి మధ్యలో నుంచి గిన్నెను గుండెకు హత్తుకుని, పక్కకు పక్కకు తప్పుకుంటూ, మెల్లగా నడిచిపోయింది.